చిన్న అక్షరాల్లో ఉన్న సంగతి

మా వీధిలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఫోన్ నాకే వస్తుంది. పోయినసారి చేసింది రిటైరైన హెడ్మాస్టారు. "బాబూ, ఇంటర్నెట్ మొత్తం పాడైపోయింది. బ్యాంకు తెరుచుకోదు, కరెంటు బిల్లు తెరుచుకోదు, పేపర్ కూడా తెరుచుకోదు. వైరస్ ఏమైనా ఎక్కిందంటావా?" అన్నారు.

ఇలాంటి ఫోన్ వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "పేజీలో చిన్న అక్షరాలతో NET:: అని మొదలయ్యే ముక్క ఒకటి ఉంటుంది, చదవండి మాస్టారూ." ఆయన ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివారు: NET::ERR_CERT_DATE_INVALID. ఒక్క సైటుకేనా, అన్నిటికీనా అంటే అన్నిటికీ అన్నారు. "స్క్రీన్ కింద కుడిమూల తేదీ ఎంతుంది?" కాసేపు మాట లేదు. "2015 జనవరి 1 అంటోంది బాబూ."

నిజానికి ఆ పేజీ మీద Your clock is behind అని పెద్ద అక్షరాల్లోనే ఉంది. మాస్టారు దాన్ని చదవలేదు. జీవితమంతా పిల్లల చేత ప్రశ్నపత్రం రెండుసార్లు చదివించిన మనిషి! కానీ ఆయన్ని అని లాభం లేదు. ఈ హెచ్చరికలన్నీ ఒకటేననీ, ఎలాగోలా దాటేస్తే సరిపోతుందనీ జనానికి అలవాటు చేసినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల సంగతి చివర్లో చెబుతాను.

ముందు గడియారానికీ బ్యాంకు సైటుకీ సంబంధమేమిటో చూద్దాం. మనం ఒక సైటు తెరిచినప్పుడు ఆ సర్వర్ ముందుగా తన సర్టిఫికెట్ చూపిస్తుంది. ఉద్యోగి మెడలో వేసుకునే గుర్తింపు కార్డులాంటిదే ఇది. దాని మీద సైటు పేరు, జారీ చేసిన సంస్థ సంతకం, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు చెల్లుతుందో రెండు తేదీలు ఉంటాయి. బ్రౌజర్ ఆ మూడూ సరిచూస్తుంది. ఇవాళ్టి తేదీ ఎంతో తెలుసుకోవడానికి అది కంప్యూటర్ గడియారాన్నే అడుగుతుంది. గడియారం 2015లో ఆగిపోయి ఉంటే, పోయిన నెలలో జారీ అయిన సర్టిఫికెట్ దాని దృష్టిలో ఇంకా పుట్టనే లేదు. అందుకే ఏ సైటుకు వెళ్లినా అదే అడ్డు.

మాస్టారి కంప్యూటర్ పాతది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, దాని మీద CR2032 అని రాసి ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. ఏళ్ల తరబడి వాడాక అది చచ్చిపోతుంది. ఆ తర్వాత ప్లగ్ తీసి పెట్టినప్పుడల్లా కంప్యూటర్ ఏదో పాత తేదీకి వెళ్లి కూర్చుంటుంది. ముందు తేదీని చేత్తో సరిచేయించి, ఆపైన విండోస్ సెట్టింగుల్లో Sync now నొక్కించాను. సైట్లన్నీ తెరుచుకున్నాయి. సాయంత్రం వాచీల కొట్టులో బ్యాటరీ కొని మార్చాం. బ్యాటరీ మార్చకుండా తేదీ ఒక్కటే దిద్ది వదిలేస్తే కరెంటు పోయిన మర్నాడే మళ్లీ ఫోన్ వచ్చేది.

అదే DATE_INVALID ఒక్క సైటుకే వచ్చి, మన తేదీ సరిగ్గా ఉంటే, తప్పు అవతలివాళ్లది. గడువు దాటింది, కొత్తది పెట్టడం మరిచిపోయారు. నిర్ధారణ చేసుకోవడం తేలికే. అడ్రస్ బార్‌లో ఎడమ పక్క కనిపించే Not secure మీద నొక్కి సర్టిఫికెట్ వివరాలు తెరిస్తే చెల్లుబాటు ముగిసిన తేదీ ఉంటుంది. అది నిన్నో మొన్నో అయితే నిర్లక్ష్యమే అనుకోవచ్చు. మరి ముందుకు వెళ్లవచ్చా?

ఇక్కడ చాలామంది అనే మాట ఒకటుంది: "నిన్నటిదాకా మంచిదే కదా, ఒక్క రోజులో ఏమవుతుంది?" మాటలో సగం నిజం. గడువు దాటినంత మాత్రాన సైటుకీ మనకీ మధ్య వెళ్లే సమాచారం బట్టబయలు కాదు, గోప్యలిపి ఎప్పటిలాగే పని చేస్తుంది. మిగతా సగం ఎవరూ చెప్పరు. ఏ సర్టిఫికెట్ రహస్య తాళంచెవైనా దొంగల చేతిలో పడితే జారీ సంస్థ దాన్ని రద్దు చేసి, రద్దయినవాటి జాబితాలో చేరుస్తుంది. గడువు తీరిన సర్టిఫికెట్లను మాత్రం ఆ జాబితాలో ఉంచనక్కరలేదు, ఎలాగూ చెల్లవు కనుక. కాబట్టి గడువు తీరినదాన్ని మనం "పర్లేదు" అని ఒప్పుకుంటే, అది మధ్యలో రద్దయిందో లేదో చెప్పే దిక్కు కూడా లేనట్టే. నా వరకు నేను పెట్టుకున్న గీత ఇది: కాలేజీ నోటీసు బోర్డులో సెలవుల జాబితా చదవాలంటే వెళ్తాను. పాస్‌వర్డ్, ఓటీపీ, కార్డు నంబర్, ఆధార్ వీటిలో ఏదైనా అడిగే సైటైతే వెనక్కి వచ్చేస్తాను. ఒక రోజు ఆగితే సాధారణంగా వాళ్లే బాగుచేస్తారు.

అసలు భయపడాల్సింది ఇంకో ముక్కకు: NET::ERR_CERT_AUTHORITY_INVALID. పేరున్న సైటు తరఫున ఎవరో సర్టిఫికెట్ చూపించారు గానీ, దాని మీద సంతకం పెట్టినవాణ్ణి బ్రౌజర్ ఎరగదు. లాడ్జి వైఫైలోనో స్టేషన్ వైఫైలోనో ఇది తగలవచ్చు. కొన్నిసార్లు కారణం అమాయకమైనదే. ఫోన్ నంబర్ ఇచ్చి లాగిన్ అయ్యేదాకా ఆ వైఫై మనల్ని ఎక్కడికీ పోనివ్వదు, మనం బ్యాంకు పేరు కొడితే దారి మళ్లించి తన పేజీ ముందు పెట్టబోతుంది. బ్రౌజర్ అది పట్టేస్తుంది. కానీ మన పాస్‌వర్డ్ కోసం మధ్యలో కూర్చున్నవాడు చేసేదీ సరిగ్గా ఇదే. ఆ పేజీని చూసి ఈ రెంటినీ వేరు చేయడం ఎవరి తరమూ కాదు.

దీనికి నేనెప్పుడూ చేసే పరీక్ష ఒకటుంది. వైఫై ఆపి, మొబైల్ డేటా మీద అదే సైటు తెరుస్తాను. హెచ్చరిక మాయమైతే గొడవ సైటుది కాదు, ఆ వైఫైది. అప్పుడు బ్యాంకు పని డేటా మీదే కానిస్తాను. వైఫై లాగిన్ పేజీయే కావాలంటే neverssl.com అని కొడితే చాలు. అది కావాలనే సర్టిఫికెట్ లేకుండా నడిపే సైటు కాబట్టి వైఫైవాళ్ల పేజీ ఏ గొడవా లేకుండా వచ్చేస్తుంది. డేటా మీద కూడా అదే హెచ్చరిక వస్తే సైటులోనే లోపం ఉండవచ్చు, లేదా ఫోన్ మరీ పాతదై దానిలోని నమ్మకస్తుల జాబితా కాలం చెల్లి ఉండవచ్చు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లను ఇవాళ లెక్కలేనన్ని సైట్లు వాడుతున్నాయి. ఆండ్రాయిడ్ 7.1 కన్నా పాత ఫోన్ల జాబితాలో ఆ సంస్థ సొంత మూల సర్టిఫికెట్ లేదు. కొన్నేళ్లు వేరే సంస్థ సంతకంతో నెట్టుకొచ్చారు, 2024తో ఆ ఏర్పాటూ ముగిసింది. అమ్మమ్మ చేతిలో ఉన్న పాత ఫోన్లో సగం సైట్లు మొరాయించడానికి కారణం చాలాసార్లు ఇదే.

AUTHORITY_INVALID వచ్చినా నేను నిర్భయంగా ముందుకు వెళ్లే చోటు ఒకటే, ఇంట్లోని రౌటర్. 192.168.1.1 తెరిస్తే కొన్ని రౌటర్లు తమకు తామే సంతకం చేసుకున్న సర్టిఫికెట్ చూపిస్తాయి. పెట్టె కళ్ల ముందే ఉంది, వైరు నా చేతిలో ఉంది. బయట ఎవరి హామీ నాకక్కర్లేదు.

కొన్ని సైట్లకు Advanced నొక్కినా Proceed అన్న లింకే కనిపించదు. అది బ్రౌజర్ మొండితనం కాదు. హెచ్చరిక వస్తే ఎవరినీ లోపలికి రానివ్వొద్దని ఆ సైటే ముందుగా చెప్పి ఉంచింది, దాన్ని HSTS అంటారు. అడ్డదారుల కోసం వెతక్కండి.

హెచ్చరిక రానంత మాత్రాన అంతా క్షేమమనీ కాదు. 2014 జూలైలో మన దేశంలోనే ఇలాంటిది జరిగింది. నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ అధికారంతో గూగుల్, యాహూ పేర్ల మీద దొంగ సర్టిఫికెట్లు జారీ అయ్యాయని బయటపడింది. దాని పైన ఉండే జాతీయ నియంత్రణ సంస్థ సీసీఏ సర్టిఫికెట్ అప్పట్లో విండోస్ నమ్మే జాబితాలో ఉండేది కనుక ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ లాంటివి ఆ దొంగవాటిని కిమ్మనకుండా ఒప్పుకునేవే. ఫైర్‌ఫాక్స్ సొంత జాబితా పెట్టుకుంటుంది, అందులో సీసీఏ లేదు కాబట్టి అది మాత్రం ఒప్పుకోదు. గూగుల్ జూలై 2న గమనించి తెలియజేస్తే, మర్నాడే సీసీఏ ఎన్ఐసీ సర్టిఫికెట్లను రద్దు చేసింది. తర్వాత క్రోమ్ సీసీఏ మీద నమ్మకాన్ని gov.in, nic.in వంటి కొద్ది పేర్లకు పరిమితం చేసింది. ఇప్పుడు జారీ అయ్యే ప్రతి సర్టిఫికెట్‌నూ బహిరంగ చిట్టాలో నమోదు చేయాలని క్రోమ్ పట్టుబడుతుంది, 2018 నుంచీ ఆ నియమం ఉంది. ఇక మోసగాడు తన సొంత పేరుతో కొనుక్కున్న సైటుకు సర్టిఫికెట్ తెచ్చుకోవడం నిమిషాల పని. బ్రౌజర్ చూసేది చిరునామాలో ఉన్న పేరే ఎదుట ఉన్నదా అని మాత్రమే, ఆ పేరుగలవాడు మంచివాడా కాదా అని కాదు. తాళంకప్ప బొమ్మను జనం అపార్థం చేసుకుంటున్నారనే 2023లో క్రోమ్ దాన్ని తీసేసింది.

ఇక మొదట్లో దాటేసిన సంగతి. ఆమధ్య ఒక ప్రవేశ దరఖాస్తు సూచనల పత్రం చూశాను. మూడో అంశంగా "హెచ్చరిక వస్తే Advanced నొక్కి, Proceed మీద నొక్కండి" అని అచ్చేశారు. తర్వాతి అంశం ఫీజు చెల్లింపు! సర్టిఫికెట్ మార్చడానికి పట్టే సమయం కన్నా ఆ పత్రం టైపు చేయడానికే ఎక్కువ పట్టి ఉంటుంది. ఆ పిల్లలు రేపు బ్యాంకు సైటు దగ్గరా అదే చేస్తారు.

ఈ నిర్లక్ష్యం ముందు ముందు దాగదు. సర్టిఫికెట్ గరిష్ఠ గడువు 398 రోజులుండేది, 2026 మార్చి 15 నుంచి 200 రోజులు. 2027లో 100కూ, 2029 మార్చిలో 47కూ దిగుతుంది. ఏడాదికోసారి గుర్తొచ్చినప్పుడు మార్చుకునే పద్ధతి ఇక సాగదు. కాలేజీ, మున్సిపాలిటీ, సహకార బ్యాంకు ఏదైనా సరే, సైటు చూసుకునే బాధ్యత మీదైతే, మీ సర్వర్ certbot వాడుతుంటే, రేపు ఆఫీసుకు వెళ్లగానే ఈ ఒక్క వరుస కొట్టి చూడండి:

```
sudo certbot renew --dry-run
```

లోపాలేవీ చూపకుండా ముగిస్తే పునరుద్ధరణ సవ్యంగా ఉన్నట్టే. తప్పు చూపిస్తే దాన్ని సరిచేయండి, అంతేగాని సూచనల పత్రంలో ఇంకో అంశం చేర్చకండి.