వైఫై ఉన్నా కదలని వీడియో

మా అక్క కూతురి పెళ్లి వీడియోలు ఈ వారం మమ్మల్ని బాగా విసిగించాయి. అక్క ఫోను నుంచి వాటిని ఫొటోలు దాచే యాప్‌లోకి ఎక్కించాలి. ఊళ్లో ఇంటికి వైఫై లేదు కనుక బావగారు తన ఫోనులో హాట్‌స్పాట్ పెట్టారు. అక్క ఫోనులో వైఫై గుర్తు నిండుగా ఉంది, వాట్సాప్ మెసేజీలు పోతున్నాయి. యాప్ మాత్రం "Waiting for Wi-Fi" అంటూ కదల్లేదు. "వైఫై ఉందిగా తమ్ముడూ, ఇంకా దేనికి ఆగింది?" అని అక్క ఫోన్‌లో అడిగింది.

మనల్ని నిలబెట్టి కారణం చెప్పనివాటి మీద నా కోపం ఈ కాలమ్ చదివేవారికి కొత్త కాదు. ట్రంక్ కాల్ రోజుల్లో పోస్టాఫీసు బెంచీ మీద ఎంతసేపు కూర్చున్నా ఇంత చిరాకు ఉండేది కాదు. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని కాల్స్‌లో తరగతులుండేవి. లైను ఖాళీ లేదనో, అర్జెంట్ కాల్ ముందుందనో ఆపరేటర్ చెప్పేవాడు. ఉండాలో వెళ్లాలో మనం తేల్చుకునేవాళ్లం.

ఆండ్రాయిడ్‌లోనూ అలాంటి వరుస ఉంది. 2014లో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి యాప్ తన పనినీ, దానికి కావాల్సిన షరతులనూ సిస్టమ్‌కి అప్పగించే వీలుంది. లెక్కగట్టని నెట్‌వర్క్ కావాలని, చార్జింగ్‌లో ఉండాలని అడగొచ్చు. మెమరీ నిండిపోయి ఉండకూడదన్న షరతు తర్వాత చేరింది. అడిగినవన్నీ ఒకేసారి కుదిరితేనే పని మొదలవుతుంది. మధ్యలో ఒకటి తప్పినా ఆగిపోతుంది.

అక్క దగ్గర చిక్కు మొదటి షరతుతో. ఆండ్రాయిడ్ హాట్‌స్పాట్ తనకు కనెక్టయిన ఫోనుకి "ఇది లెక్కగట్టే డేటా" అని కూడా చెబుతుంది. అందుకే వైఫై గుర్తున్నా సిస్టమ్ దృష్టిలో అది సిమ్ డేటా లాంటిదే.

సెట్టింగ్స్‌లో ఆ వైఫై పేరు నొక్కి, "Treat as unmetered" పెట్టమని చెప్పబోయాను. అంతలో లెక్క వేసి చూస్తే నోరు రాలేదు. వీడియోలు 2 జీబీ, బావగారి ప్యాక్ రోజుకి 1.5 జీబీ. పొద్దున మొదలుపెడితే ఆయన డేటా మధ్యాహ్నానికే అయిపోయేది, వీడియోలు సగంలో నిలిచిపోయేవి, కొట్లో యూపీఐ చెల్లింపులూ నత్తనడకన సాగేవి. ఫోను ఆపి సరైన పనే చేసింది.

కాబట్టి ఆగడం మీద నాకిప్పుడు ఫిర్యాదు లేదు. నాకు కావాల్సింది ఒక్క వాక్యం: "ఇది హాట్‌స్పాట్, పంపాల్సింది 2 జీబీ, పంపమంటారా?" అది రానంతవరకు, పెండింగ్ కనిపిస్తే నెట్‌వర్క్ లెక్కగట్టేదా, మెమరీ ఎంత మిగిలింది అన్న రెండూ చూడండి. డేటా మిగులుంటేనే ఆ ఒక్క వైఫైకి సెట్టింగ్ మార్చి, పని కాగానే వెనక్కి మార్చేయండి. అన్ని యాప్‌లకీ మొబైల్ డేటా శాశ్వతంగా తెరిచిపెట్టడం మాత్రం వద్దు.