గరిటెతో మొదలయ్యే ప్రశ్న

"పప్పు ఎంత తింటారమ్మా?" అంటే "ఎంతేముంది, సరిపడా" అంటారు. ఆ "సరిపడా"ను అంకెలోకి తేవడమే ఆహార సర్వే ప్రశ్నావళి రాసేవారి పనితనం. ముందు ఊళ్లో కొన్ని ఇళ్ల గరిటెలను నీళ్లతో కొలుస్తారు. గరిటెకు 60 మి.లీ. పడితే అర, ఒకటి, రెండు గరిటెలని ఎంపికలిస్తారు. వారానికి నాలుగుసార్లు, సారికి రెండు గరిటెలంటే రోజుకు సగటున సుమారు 69 మి.లీ. గ్రాముల లెక్కకు మాత్రం ఆ ఊరి పప్పునే తూచాలి. ముద్దపప్పు బరువు పలుచని పప్పుకు రాదు కదా! ముందస్తు పరీక్షలో దాదాపు అందరూ "ఒకటి" దగ్గరే టిక్కు పెట్టించుకుంటే అనుమానించాల్సింది ఎంపికలనే, జనాన్ని కాదు. మామిడిపండుకైతే ఎన్ని నెలలు తింటారో కూడా అడగాలి. అడక్కపోతే వేసవి తిండి ఏడాదంతా తిన్నట్టు లెక్కలో చేరిపోతుంది.