కలిసిపోయిన మాట, కావాలని వాడిన మాట

తెలుగు కథను ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు సంభాషణలోని ఇంగ్లీషు మాటలు ఆనవాలు లేకుండా కలిసిపోతాయి. మంచి అనువాదకుల నేర్పు అక్కడే తెలుస్తుంది. "టెన్షన్ పడకే, కాస్త అడ్జస్ట్ అవ్వు" అని అత్త కోడలితో అందనుకోండి. ఆ రెండూ ఆమెకు ఇంటిమాటలే, కాబట్టి ఇంగ్లీషులోనూ ఆమె మామూలుగానే వినిపించాలి. అడ్జస్ట్‌ను అలాగే ఉంచేస్తే కొత్త చోటికి అలవాటు పడమన్నట్టు ఉంటుంది. ఇక్కడ దాని అర్థం సర్దుకుపోవడం, అంటే నోరు మూసుకుని భరించడం.

అదే మామ కోపంలో "దిసీజ్ మై హౌస్" అన్నాడంటే అది పెత్తనం చూపడం. అప్పుడు అతని వాక్యాన్ని ఆఫీసు నోటీసులా బిగించాలి, లేదా ఇంగ్లీషులోకి దిగాడని కథనంలోనే చెప్పాలి. ఇంగ్లీషు మాటలన్నీ వాలు అక్షరాల్లో వేస్తే సరిపోదా అంటారు కొందరు. సరిపోదు, అత్త టెన్షన్ కూడా మామ దర్పంలాగే కనిపిస్తుంది. కన్యాశుల్కంలో గిరీశానికైతే ఆ గుర్తు నప్పుతుందేమో, అతను ఇంగ్లీషు వాడేదే డాబుకి.