అమ్మకం లేని అభినందన

జీడిమెట్లలో మందుల కార్టన్లు అచ్చువేసే ఒక చిన్న ప్రెస్సు యజమాని, తన దగ్గర సరుకు కొనే ఫార్మా కంపెనీలో పర్చేజ్ మేనేజర్‌గా ఉన్న ఆవిడకు ప్రమోషన్ వచ్చినప్పుడు వాట్సాప్‌లో పంపిన సందేశం ఇది. వాళ్లిద్దరూ నాకు తెలిసినవాళ్లే. పేర్లు లేకుండా రాస్తానంటే సరేనన్నారు.

"నమస్తే మేడమ్. మీరు వైస్ ప్రెసిడెంట్ అయ్యారని నిన్న తెలిసింది. చాలా సంతోషం. 2023లో క్యూఆర్ కోడ్ మార్పు వచ్చినప్పుడు పాత కార్టన్ల స్టాకు ఎవరి దగ్గర ఎంత ఉందో మీరే అందరికీ ఫోన్ చేసి రాసుకున్నారు. ఆ లెక్క చూశాకే కొత్త ప్రింటుకి తేదీ వేశారు. మా స్టోర్స్‌లో పెద్దాయన ఆ మాట ఇప్పటికీ చెప్తుంటారు. తన తరఫున కూడా మీకు అభినందనలు చెప్పమన్నారు. జవాబు రాయాలని పెట్టుకోకండి, ఈ వారం మీకు ఊపిరాడదు."

అంతే. కింద కంపెనీ లోగో లేదు, వెబ్‌సైట్ లింకు లేదు, పూలగుత్తి బొమ్మా లేదు. కొనుగోళ్ల విభాగంలో చాలాకాలం పనిచేసినవాణ్ణి కాబట్టి ఇలాంటి సందేశాలు లెక్కలేనన్ని చూశాను. ఇంత పనితనం ఉన్నది మాత్రం అరుదు.

ముందు క్యూఆర్ కోడ్ సంగతి. పేరున్న 300 మందుల బ్రాండ్లకు లేబుల్ మీద బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ ఉండాలని కేంద్రం పెట్టిన నిబంధన 2023 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. లేబుల్ మీద చోటు చాలకపోతే పై ప్యాకింగ్ మీద వేయాలి. చదవడానికి చిన్న మార్పే. అచ్చువేసేవాడికి మాత్రం ఆర్ట్‌వర్క్ మారడమంటే, పాత డిజైన్‌తో వేసి గోడౌన్‌లో పేర్చిపెట్టిన కార్టన్లన్నీ ఒక్క తేదీతో చిత్తుకాగితం కావడమే. ఆ నష్టం ఎవరు భరించాలన్న దగ్గర కంపెనీలకూ సప్లయర్లకూ గొడవలు వస్తాయి. చాలాచోట్ల మెయిల్‌లో తేదీ ప్రకటించేసి చేతులు దులుపుకుంటారు. ఆవిడ ముందు స్టాకు లెక్క తెప్పించుకుని, పాతవి వాడి ముగించడానికి వీలుగా తేదీ కుదిర్చింది.

సందేశం ఆ ఒక్క పనినే పట్టుకుంది. "మీ నాయకత్వ పటిమ", "మీ అంకితభావం" లాంటి మాటలు ఏ వైస్ ప్రెసిడెంట్‌కైనా సరిపోతాయి. వాటిని చదివే మనిషికి తాను కనిపించదు, తన కుర్చీ కనిపిస్తుంది. ఆ ఫోన్ల సంగతి వేరు. ఆవిడ పైఅధికారులకు కూడా అది తెలిసి ఉండకపోవచ్చు. అవతలి వైపు కూర్చుని ఆ ఫోన్ ఎత్తినవాడికే తెలుస్తుంది. సప్లయర్ మాత్రమే చెప్పగలిగిన మెచ్చుకోలు అది.

ఇక్కడే ఆయన చేసిన సున్నితమైన పని ఒకటుంది. "మాకు నష్టం రాకుండా కాపాడారు" అని రాయలేదు, "అందరికీ ఫోన్ చేసి" అని రాశారు. ఆ మొదటి మాట నిజమే అయినా, రాసి ఉంటే సందేశం ఆయన లాభనష్టాల చుట్టూ తిరిగేది. పైగా పర్చేజ్‌లో ఉన్న మనిషికి ఒక సప్లయర్ 'మీరు మాకు చేసిన మేలు' అని రాతపూర్వకంగా పంపడం ఇబ్బందికరం. రేపు ఆడిట్‌లో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? ఇలాంటి సందేశానికి నేను పెట్టే పరీక్ష కూడా అదే: అందుకున్నవాళ్లు దాన్ని తమ బాస్‌కు నిస్సంకోచంగా చూపించగలగాలి. స్వీట్ బాక్సు పంపకపోవడం కూడా ఆ లెక్కలోనే మంచి పని. చాలా కంపెనీల్లో సప్లయర్ల నుంచి కానుకలు తీసుకోవడం మీద నియమాలున్నాయి. ప్రమోషన్ వచ్చిన వారమే ఆ డబ్బాను తిప్పి పంపే పని ఆవిడ నెత్తిన పెట్టడం దేనికి?

ఇప్పుడు క్రియలు చూడండి. అయ్యారు, రాసుకున్నారు, తేదీ వేశారు. మెచ్చుకున్నదంతా జరిగిపోయిన పనినే. అమ్మకం ఎప్పుడూ భవిష్యత్తులో దాక్కుంటుంది. "మన బంధం మరింత బలపడాలని", "మీ కొత్త హోదాలో కూడా మాకు సహకారం అందిస్తారని", "ఒకసారి వచ్చి కలుస్తాను" లాంటి వాక్యం ఒక్కటి చేరినా పైనున్న పొగడ్తంతా ఆ వాక్యం కోసమే రాసినట్టు అయిపోతుంది. అది రాసినవాడికి అమ్మాలన్న ఆలోచనే లేకపోవచ్చు. అలవాటుగా వచ్చేసి ఉంటుంది. చదివేవాళ్లకు మాత్రం అదే మిగులుతుంది. ఈ సందేశంలో రేపటి గురించి ఉన్న మాట ఒక్కటే, అదీ ఆవిడ పని ఒత్తిడి గురించి. జవాబు అక్కర్లేదని చెప్పడం వల్ల ఆవిడ మీద చిన్న బాకీ కూడా మిగల్లేదు.

స్టోర్స్ పెద్దాయన ప్రస్తావన నాకు అన్నిటికంటే నచ్చింది. ఆయన ఏదీ అమ్మేవాడు కాదు, ఆవిడతో ఆయనకు అవసరమూ లేదు. యజమాని పొగడ్తకు లేని నమ్మకం ఆయన మాటకు ఉంది. అయితే ఇది నిజంగా జరిగి ఉంటేనే పనికొస్తుంది. ఆయన నిజంగానే చెప్పమన్నాడు. కల్పించి రాస్తే, తర్వాత ఆవిడ ఎప్పుడైనా ప్రెస్సుకొచ్చి ఆయన్ని పలకరించినప్పుడు గుట్టు బయటపడుతుంది.

సందేశం పంపింది కబురు తెలిసిన మర్నాడు. లింక్డ్‌ఇన్‌లో హోదా మార్చినప్పుడు పరిచయస్థులకు నోటిఫికేషన్ వెళ్తే, ఒక్క నొక్కుతో పంపే తయారు శుభాకాంక్షలు వచ్చిపడతాయి. ఆ గుంపులో కలిసిపోకుండా ఒక రోజు ఆగారు. నెల ఆగి ఉంటే ఏదో పని పడి గుర్తొచ్చినట్టుండేది.

ఇంకో సంగతి ఆయనే తర్వాత చెప్పారు. బోర్డు ధర పెరిగిందని కార్టన్ రేటు పెంచమంటూ లేఖ అప్పటికే తయారుగా ఉంది, ఆ వారమే పంపాల్సింది. పది రోజులు ఆపారు. ఆ తర్వాత పాత మెయిల్ వరుసలోనే, రేట్లు చూసే బయ్యర్ పేరున పంపారు. అందులో అభినందన ఊసు లేదు, ఆవిడను సీసీలో పెట్టలేదు. ఆపడానికి వీల్లేని గడువు ఉంటే ఏం చేసేవారని అడిగాను. లేఖ ఆ రోజే వెళ్లేదన్నారు, కానీ మెయిల్‌లోనే, వేరుగా, వాట్సాప్‌లో దాని సంగతి ఎత్తకుండా. వ్యాపారం ఆపమని కాదు, అభినందనకూ వ్యాపారానికీ దారులు వేరు చేయాలంతే.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. ఇద్దరి మధ్య గుర్తుపెట్టుకోదగ్గ పని ఒక్కటైనా జరిగి ఉండాలి. ఎక్స్‌పోలో ఒకసారి కార్డు ఇచ్చుకున్న పరిచయానికి రెండు వాక్యాలు చాలు: కబురు తెలిసింది, సంతోషం. లేని దగ్గరితనం పులిమితే అదే అమ్మకంలా కనిపిస్తుంది. ప్రమోషన్ కాక అవార్డు అయితే, అభినందించే ముందు దేనికిచ్చారో చదవాలి. టీమ్ మొత్తానికి వచ్చినదాన్ని ఒక్కరికే అంటగడితే, అందుకున్న మనిషి తోటివాళ్ల ముందు ఇరుకున పడతారు.

ఆవిడ వారం తర్వాత జవాబు రాసింది, పెద్దాయనకు నమస్కారాలు చెప్పమని. కార్టన్ రేటు బయ్యర్ దగ్గర ఎప్పటిలాగే బేరమాడాక, అడిగినదానికంటే కొంచెం తక్కువకు తెగింది.