నోట్లో వేలు

వాట్సాప్ గ్రూపుల్లో ఈగ బొమ్మ పెట్టి సినిమా పేరు చెప్పమంటారు. అది పొడుపు కాదు, బొమ్మకు పేరు చెప్పడమే. అసలైన బొమ్మ పొడుపులో గీసేది ఒకటి, పలికేది ఇంకొకటి.

వేంసూరులో పిల్లలు చుట్టూ చేరితే నేను ఐదొందల నోటు గీసి, దాని మధ్యలో ఒక వేలు గీస్తాను. ‘డబ్బు లెక్కపెడుతున్నారు’ అంటాడొకడు. ‘లంచం’ అంటుంది ఇంకో గడుగ్గాయి. (ఆ పిల్ల పైకొస్తుంది!) కథ అల్లొద్దు, ఏది ఎక్కడుందో పైకి చదవండి అంటాను. నోటు. దాని లోపల వేలు. నోటులో వేలు. గబగబా అంటే నోట్లో వేలు! పెడితే కొరకలేడన్న సామెత అప్పుడు తన్నుకొస్తుంది. నోరుకు ‘లో’ చేరినా, నోటుకు చేరినా నోట్లోనే అవుతుంది కాబట్టి ఈ పొడుపు నిలిచింది.

ఇదే ధీమాతో ‘పంటి కింద రాయి’కి ఇంటి పన్ను రసీదు గీసి, దాని కింద రాయి పెడితే పప్పులుడకవు. నోట్లో పన్నుకు ‘కింద’ తగిలితే పంటి అవుతుంది, పంచాయతీకి కట్టే పన్ను పన్నుగానే ఉండిపోతుంది. మన భాషలో చోటు మారితే మాట కూడా వంగుతుంది. అందుకే విప్పేవాళ్లు బొమ్మ పేరు దగ్గర ఆగకుండా, లో, కింద, మీద చేర్చి వినాలి.

కొలత కూడా మాట్లాడుతుంది. చేతిని సగమే గీసి అందులో ‘వైకుంఠం’ అని రాస్తే, ఆ సగమే ‘అర’. అరచేతిలో వైకుంఠం.

అక్షరం కింద అక్షరం పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. ద కింద తలకట్టు లేని చిన్న ద ఉంటే అది ఒత్తు, ‘ద్ద’ అనే చదువుతారు. ‘కింద’ అని పలికించాలంటే తలకట్టుతో, సమానమైన సైజులో, కాస్త ఎడంగా రాయాలి. చాలా పొడుపులు ఇక్కడే చెడతాయి.

ఈ బొమ్మల కిటుకు పాతదే. ఈజిప్టులో సుమారు 5000 ఏళ్ల కింద నార్మెర్ రాజు పేరును ఒక చేప, ఒక ఉలి బొమ్మలతో చెక్కారు. ఆ చేప జాతి పేరు నార్, ఉలి పేరు మెర్. చదివేవాళ్లందరికీ ఆ పేర్లు ఒకటే కాబట్టి కుదిరింది. మా దగ్గర అలా కాదు, మాది ఆంధ్రా సరిహద్దు మండలం. వేరుశనగ బొమ్మ చూపిస్తే ఒకరు పల్లీ అంటారు, ఒకరు శనక్కాయ అంటారు. అలాంటి బొమ్మను పొడుపులో వాడకపోవడమే మంచిది.

ఈ వారం మీకొకటి. 6 వేసి, పక్కన బాణం గీసి, 100 వేశాను. పైకి చదవండి. జవాబు వచ్చే వారం.