లోపల 100 మైక్రోసెకన్లు, బయట ఒక మిల్లీసెకను

సీఎన్‌సీ యంత్రంలో టేబుల్‌ను జరిపే సర్వో మోటారును తీసుకుందాం. దాన్ని నడిపే డ్రైవ్‌లో ఒకదాని లోపల ఒకటిగా రెండు లూపులు ఉంటాయి. లోపలిది కరెంట్ లూప్. వైండింగ్‌లో ఎంత కరెంటు పారుతోందో చూసి వోల్టేజీని సరిచేయడం దాని పని. బయటిది స్పీడ్ లూప్. షాఫ్టు ఎంత వేగంగా తిరుగుతోందో చూసి, ఎంత కరెంటు కావాలో లోపలి లూప్‌కు చెబుతుంది. రెండూ ఒకే ప్రాసెసర్‌లో ఉంటాయి గానీ ఒకే లయలో నడవవు. తరచుగా కనబడే అమరికలో లోపలిది 100 మైక్రోసెకన్లకోసారి, అంటే సెకనుకు 10,000 సార్లు నడుస్తుంది. బయటిది మిల్లీసెకనుకోసారి నడుస్తుంది.

బయటి లూప్‌ను నిదానంగా ఎందుకు నడుపుతారని అడిగితే, ప్రాసెసర్ మీద భారం తగ్గించడానికి అని చాలామంది చెబుతారు. అందులో నిజం లేకపోలేదు. కానీ రెండింటినీ సెకనుకు 10,000 సార్లు నడపగల ప్రాసెసర్లు ఇప్పుడు చవకగానే దొరుకుతున్నాయి. నా దృష్టిలో అసలు కారణం ఎన్‌కోడర్‌లో ఉంది.

షాఫ్టు ఒక చుట్టు తిరిగితే 10,000 కౌంట్లు ఇచ్చే ఎన్‌కోడర్ ఉందనుకోండి. వేగం కొలవడమంటే, ఇంత సమయంలో ఎన్ని కౌంట్లు మారాయో చూడటమే. 100 మైక్రోసెకన్లలో ఒక్క కౌంటు మారితే అది సెకనుకు ఒక చుట్టుతో సమానం, అంటే 60 ఆర్‌పీఎం. అంతకంటే చిన్న తేడా ఆ కొలతలో కనబడదు. షాఫ్టు నిలకడగా 90 ఆర్‌పీఎంతో తిరుగుతున్నా, కొలత ఒకసారి 60 అని, మరోసారి 120 అని వస్తుంది. అదే మిల్లీసెకను పాటు లెక్కపెడితే మెట్టు 6 ఆర్‌పీఎంకు తగ్గుతుంది. స్పీడ్ కంట్రోలర్ ఒక్కో ఆర్‌పీఎం తేడాకు 0.05 ఆంపియర్లు అడుగుతుందనుకుంటే, మొదటి పద్ధతిలో కరెంటు ఆదేశం ఊరికే 3 ఆంపియర్లు ఎగిరిపడుతుంది. రెండో పద్ధతిలో 0.3 ఆంపియర్లే. షాఫ్టు ఏమీ చేయకపోయినా మోటారు గరగరమనడం వెనుక తరచూ ఉండేది ఈ మెట్టే.

ఇక ఆ మిల్లీసెకనులో లోపల ఏం జరుగుతుందో చూద్దాం. కరెంట్ లూప్ బ్యాండ్‌విడ్త్‌ను 500 హెర్ట్జ్‌కు సర్దితే, లెక్క ప్రకారం ప్రతి 100 మైక్రోసెకన్లకూ మిగిలిన తేడా 73 శాతానికి దిగుతుంది. పది సార్లు అలా దిగితే మిగిలేది దాదాపు 4 శాతం. స్పీడ్ లూప్ మళ్లీ కళ్లు తెరిచేసరికి తాను అడిగిన కరెంటు ఇంచుమించు వచ్చేసి ఉంటుంది. అందుకే బయటి లూప్‌ను డిజైన్ చేసేటప్పుడు లోపలి దాన్ని చిన్న ఆలస్యంగా మాత్రమే లెక్కలోకి తీసుకుంటే సరిపోతుంది.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం బాగా పాతుకుపోయింది. రెండు శాంప్లింగ్ వేగాల మధ్య పది రెట్లు తేడా ఉంటే చాలు, లూపులు ఒకదానికొకటి అడ్డం రావనుకుంటారు. వాటిని విడదీసేది బ్యాండ్‌విడ్త్‌ల మధ్య తేడా. లోపల 500 హెర్ట్జ్ ఉంటే బయట 50 హెర్ట్జ్ దగ్గర ఆగాలి. మిల్లీసెకనుకోసారే నడిచే స్పీడ్ లూప్‌కు కూడా గెయిన్ పెంచి 150 హెర్ట్జ్‌కు తీసుకెళ్తే, శాంప్లింగ్ నిష్పత్తి పదే అయినా రెండూ పెనుగులాడతాయి.

50 హెర్ట్జ్ దగ్గర ఫేజ్ లెక్క వేస్తే, నిదానపు లయకు ఎంత మూల్యం చెల్లిస్తున్నామో తెలుస్తుంది. మిల్లీసెకను కౌంట్లతో వచ్చేది ఆ వ్యవధి సగటు వేగం కాబట్టి అది అర మిల్లీసెకను పాతది. ఇచ్చిన ఆదేశం మళ్లీ మిల్లీసెకను పాటు మారకుండా నిలుస్తుంది, అది మరో అర. ఇక లెక్క కట్టిన ఫలితాన్ని తర్వాతి మిల్లీసెకను మొదలయ్యేదాకా దాచి ఉంచితే ఇంకో పూర్తి మిల్లీసెకను. మొత్తం 2 మిల్లీసెకన్లు. 50 హెర్ట్జ్‌కు ఒక ఆవృత్తి 20 మిల్లీసెకన్లు కాబట్టి 36 డిగ్రీలు పోయినట్టే. షాఫ్టు జడత్వం 90 డిగ్రీలు, 10 హెర్ట్జ్ దగ్గర పెట్టిన ఇంటెగ్రల్ భాగం 11, కరెంట్ లూప్ 6 తీసుకుంటాయి. 180లో ఇక మిగిలే మార్జిన్ 37 డిగ్రీలు. వేగాన్ని ఒక్కసారిగా మార్చి చూస్తే లక్ష్యం దాటి బాగానే ఊగుతుంది.

ఫలితం సిద్ధమైన వెంటనే, 0.2 మిల్లీసెకన్లలోపు, లోపలి లూప్‌కు అందిస్తే మొత్తం ఆలస్యం 1.2 మిల్లీసెకన్లకు దిగి మార్జిన్ 51 డిగ్రీలకు చేరుతుంది. గెయిన్‌ను ముట్టుకోలేదు. విలువను ఎప్పుడు అందించాలన్న ఒక్క నిర్ణయంతో 14 డిగ్రీలు తిరిగొచ్చాయి. అలా అందించేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. రెండు కరెంటు ఆదేశాలు ఉన్న డ్రైవ్‌లో వాటిని జంటగానే మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉన్న క్షణంలో వేగవంతమైన ఇంటరప్ట్ వస్తే మోటారుకు తప్పుడు ఆదేశం వెళుతుంది.

ఇంతకంటే ఎక్కువగా దెబ్బతీసే తప్పు కౌంటర్‌ను ఎక్కడ చదువుతామన్న దాంట్లో ఉంటుంది. స్పీడ్ టాస్క్‌కు ప్రాధాన్యం తక్కువ. ప్రతి 100 మైక్రోసెకన్లకూ కరెంట్ లూప్ దాన్ని ఆపి తన పని చూసుకుంటుంది. కౌంటర్‌ను ఆ టాస్క్‌లోనే చదివితే ఒకసారి 50 మైక్రోసెకన్లు ఆలస్యంగా చదవడం మామూలే. మోటారు 3000 ఆర్‌పీఎంతో తిరుగుతుంటే మిల్లీసెకనులో 500 కౌంట్లు వస్తాయి. 50 మైక్రోసెకన్ల ఆలస్యంతో 25 కౌంట్లు ఎక్కువ కనబడతాయి, అంటే 150 ఆర్‌పీఎం తప్పు. తర్వాతి కొలతలో అంతే తక్కువ కనబడుతుంది. మోటారు ఆగి ఉన్నప్పుడు ఈ తప్పు జాడే ఉండదు, వేగంతో పాటే పెరుగుతుంది. గుర్తుపట్టే ఆనవాలు అదే. మందు ఏమిటంటే, కౌంటర్‌ను వేగవంతమైన ఇంటరప్ట్ మొదట్లోనే చదివి దాచడం:

```c
void pwm_isr(void)
{
    if (++tick == 10) {
        tick = 0;
        pos_latch = encoder_count();
        start_speed_task();
    }
    current_loop();
}
```

టాస్క్ ఎప్పుడు నడిచినా `pos_latch` మాత్రం సరిగ్గా పదో టిక్కు నాటిదే.

ఇలా రెండు లయలు కలిసిన వ్యవస్థను విశ్లేషించడం కొత్త సంగతి కాదు. 1957లోనే జార్జ్ క్రాంక్ ఒక మార్గం చూపాడు. వేగంగా మూసి తెరిచే ఒక స్విచ్ బదులు, ఒకదాని తర్వాత ఒకటి మూసుకునే నిదానమైన స్విచ్‌ల వరసను ఊహించుకోవచ్చన్నాడు. అలా చూస్తే మన పది లోపలి అడుగులూ కలిసి మిల్లీసెకనుకు ఒకే పెద్ద అడుగు అవుతాయి, మామూలు గణితం పనిచేస్తుంది. అయితే ఆ పెద్ద అడుగుల మధ్య ఏం జరుగుతుందో అడుగు చివర్లను మాత్రమే చూసే గ్రాఫ్‌లో కనబడదు. లాగ్ చేసేటప్పుడు 100 మైక్రోసెకన్ల డేటానే తీసుకోవాలని నేను పట్టుబట్టేది అందుకే.

ఆ మధ్యలో దాగేవాటిలో ఏలియాసింగ్ ఒకటి. కప్లింగ్ 970 హెర్ట్జ్ దగ్గర కంపిస్తోందనుకోండి. స్పీడ్ లూప్ చివరి 100 మైక్రోసెకన్ల కౌంట్ల తేడాను మాత్రమే మిల్లీసెకనుకోసారి తీసుకుంటే, ఆ కంపనం దానికి 30 హెర్ట్జ్ ఊపులా కనబడుతుంది. అది తన బ్యాండ్‌విడ్త్ లోపలే ఉంది కాబట్టి లూప్ దాన్ని అణచబోయి నిజమైన ఊపునే పుట్టిస్తుంది. పూర్తి మిల్లీసెకను కౌంట్లను తీసుకుంటే, ఆ సగటులో 970 హెర్ట్జ్ కంపనం దాదాపు 3 శాతానికి పడిపోతుంది. అందుకు విడిగా ఫిల్టర్ కూడా అక్కర్లేదు.

డ్రైవ్‌లో కనబడే 30 హెర్ట్జ్ ఊపు నిజమైనదో కాదో తేల్చడానికి తేలికైన పరీక్ష ఉంది. స్పీడ్ లూప్‌ను పది టిక్కులకు బదులు పదకొండు టిక్కులకోసారి నడపండి, ఇంటెగ్రల్ లెక్కలో వ్యవధిని 1.1 మిల్లీసెకన్లుగా మార్చడం మరవకండి. యంత్రం బెడ్డో, బాల్‌స్క్రూనో నిజంగా 30 హెర్ట్జ్‌తో ఊగుతుంటే ఊపు అక్కడే ఉంటుంది. ఏలియాసింగ్ అయితే, శాంప్లింగ్ 909 హెర్ట్జ్‌కు మారింది కాబట్టి అది 61 హెర్ట్జ్‌కు జరుగుతుంది.