ఒకేలా ఉండాల్సినవి, ఉండకూడనివి

రాయ్‌పూర్ పండ్రి బట్టల మార్కెట్‌లో కొందరు చీరల వ్యాపారులు ఈ మధ్య మోడల్‌ను వీధుల్లోకి తీసుకెళ్లి ఫొటోలు తీయించడం మానేశారు. స్టూడియోలో తెల్లపరదా ముందు తీయించి, వెనక కనిపించే వీధిని ఏఐతో పుట్టిస్తున్నారు. అలా పుట్టిన వీధుల్లో తప్పులు పట్టి సరిదిద్దడం, మార్కెట్ పక్కనే ఉన్న దేవేంద్ర నగర్‌లో కూర్చుని నేను చేసే పని. ఈ పని చేస్తూ చేస్తూ ఒక్క సూత్రం నాకు బాగా పట్టుబడింది. ఈ వారం దాన్ని ఒక బొమ్మ ఆధారంగా చెబుతాను.

కోసా పట్టుచీర కట్టుకున్న అమ్మాయి ఫొటో అది. వెనక దేవేంద్ర నగర్ లాంటి వీధి కావాలన్నారు. రెండు వైపులా రెండు మూడంతస్తుల ఇళ్లు, కింద దుకాణాలు, పైన బాల్కనీలు, సాయంత్రపు ఎండ. బొమ్మ వచ్చింది. ఫోన్‌లో చూస్తే ఎవరికీ ఏ అనుమానమూ రాదు. కానీ అది పది అడుగుల ఫ్లెక్సీగా దుకాణం మీదికి ఎక్కాలి. పెద్ద తెర మీద చూసిన వ్యాపారి, ‘అక్షరాలు మన హిందీవే అనిపిస్తున్నాయి గానీ, చదవబోతే ఒక్కటీ రావడం లేదే’ అన్నాడు. ఆయనకు బోర్డులు మాత్రమే కనిపించాయి. నాకు బోర్డులు ఆఖరున కనిపిస్తాయి.

సూత్రం ఇది. నిజమైన వీధిలో మనిషి కట్టినవి ఒకేలా ఉంటాయి, వాడకంలో వచ్చినవి వేరువేరుగా ఉంటాయి. ఒక ఇంటి బాల్కనీ గ్రిల్‌లో ఊచలన్నీ ఒకే ఎడంలో ఉంటాయి, ఎందుకంటే వెల్డర్ కొలిచి పెట్టాడు. ఆ గ్రిల్ కింద వాన నీరు కారిన మరక మాత్రం ప్రతి బాల్కనీకీ ఒక్కో తీరుగా ఉంటుంది. పుట్టించిన బొమ్మలో ఇది తిరగబడుతుంది. ఒక గ్రిల్‌కు ఏడు ఊచలు, పక్క గ్రిల్‌కు తొమ్మిది ఉంటాయి. మరక మాత్రం మూడుచోట్ల అదే ఆకారంలో ఉంటుంది. వంకర అక్షరాలు, మళ్లీ మళ్లీ వచ్చే ఆకారాలు, నిలబడలేని కట్టడాలు అని మనం విడివిడిగా చెప్పుకునే మూడు తప్పులూ ఈ తారుమారులోంచి పుట్టినవే.

పెద్దదానితో మొదలుపెట్టాలి. నేలకు సమాంతరంగా, ఒకే దిశలో సాగే గీతలన్నీ, అంటే ఛజ్జాల అంచులు, బాల్కనీ అంచులు, షట్టర్ల పైపట్టీలు, ఫొటోలో దూరంగా ఒకే బిందువు దగ్గర కలవాలి. రోడ్డు చదునైనదైతే ఆ బిందువు దిగంతరేఖ మీద ఉంటుంది, ఆ రేఖ కెమెరా ఎత్తులో ఉంటుంది. మా ఫొటోగ్రాఫర్ కెమెరాను 120 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టి తీశాడు. అమ్మాయి ఎత్తు 160. కాబట్టి దిగంతరేఖ ఆమె ఎత్తులో ముప్పావు వంతు దగ్గర, దాదాపు ఛాతీ మట్టంలో, ఆమె వెనకగా పోవాలి. అదే రోడ్డు మీద దూరంగా నిలబడ్డ పెద్దవాళ్లందరినీ కూడా ఆ రేఖ ఇంచుమించు ఛాతీ దగ్గరే కోయాలి.

బొమ్మ మీద కొత్త లేయర్ వేసి, స్కేలు పెట్టినట్టు ఎర్రగీతలు గీశాను. ఎడమవైపు ఇళ్ల గీతలు ఛాతీ మట్టంలోనే కలిశాయి. కుడివైపువి ఆమె తలకన్నా చాలా పైన కలిశాయి. అంటే సగం వీధిని రోడ్డు మీద నిలబడి, మిగతా సగాన్ని మేడ మీద నుంచి చూసినట్టు బొమ్మ వచ్చింది. చూసేవాళ్లు కారణం చెప్పలేరు గానీ, అమ్మాయి నేల మీద ఆనలేదన్న భావన వాళ్లకు కలుగుతుంది. ఈ తరహా యంత్రాలు ఇల్లు కట్టి దాన్ని ఫొటో తీయవు. బొమ్మలో ఏ ముక్క పక్కన ఏ ముక్క నప్పుతుందో నేర్చుకుని అతుకుతాయి. దగ్గరి పొత్తు కుదురుతుంది, దూరపు లెక్క తప్పుతుంది. పుట్టించిన బొమ్మల్లో గీతల కలయికా నీడల దిశా నిజమైన ఫొటోల్లా ఉండవనీ, వాటిని బట్టే బొమ్మను పట్టుకోవచ్చనీ అమెరికా పరిశోధకులు 2024లో ఒక పత్రంలో చూపించారు కూడా.

ఇలాంటి తప్పును బ్రష్‌తో దిద్దడం కుదరదు. తప్పిన వైపును మొత్తంగా తీసేసి మళ్లీ పుట్టించాలి. అయితే ఈసారి యంత్రానికి చట్రం ఇవ్వాలి. 2023లో వచ్చిన కంట్రోల్‌నెట్ అనే పద్ధతి ఇందుకు పనికొస్తుంది. ఒక గీతల బొమ్మనో, ఏది ఎంత దూరంలో ఉందో చూపే లోతు పటాన్నో ఇస్తే, దాని మీదే కొత్త బొమ్మ అల్లుతుంది. నేను మా సందులోకి వెళ్లి, ఫోన్‌ను 120 సెంటీమీటర్ల ఎత్తులో పట్టుకుని ఒక ఫొటో తీసుకున్నాను. దానిలోంచి లోతు పటం మాత్రమే వాడాను. ఆ ఫొటోనే వెనక పెట్టేయొచ్చు కదా అని అడగొచ్చు. అందులో ఇతరుల దుకాణాల పేర్లూ, నడిచేవాళ్ల ముఖాలూ, బళ్ల నంబర్లూ ఉన్నాయి. వాళ్లెవరూ ఈ చీర ప్రకటనకు ఒప్పుకున్నవాళ్లు కారు.

చట్రం కుదిరాక చిన్న కట్టడాలు చూడాలి. ఇక్కడ ఒకే ప్రశ్న అడుగుతాను: మేస్త్రీ దీన్ని కట్టగలడా? బాల్కనీ ఉంటే దానిలోకి రావడానికి తలుపు ఉండాలి. మెట్లు ఎక్కితే గుమ్మం రావాలి, గోడ కాదు. ముందుకు బాగా సాగిన స్లాబు కింద దూలమో స్తంభమో ఉండాలి. రోలింగ్ షట్టర్‌కు రెండు పక్కలా అది జారే గాడి ఉండాలి. మా బొమ్మలో ఒక షట్టర్‌కు ఎడమ గాడి లేదు, పట్టీలు నేరుగా పక్క గోడ ఇటుకల్లో కలిసిపోయాయి. కరెంటు తీగ స్తంభం మీద మొదలై ఆకాశంలో కరిగిపోయింది. తీగను పూర్తిగా చెరిపేశాను. లేని తీగను ఎవరూ వెతకరు, సగం తీగ అందరి కంటా పడుతుంది.

ఇక పునరావృతం. మా బొమ్మలో ఒకే రకం స్కూటర్ మూడుచోట్ల, ఒకే వంపుతో నిలబడి ఉంది. కారణం చాలావరకు కొలతే. స్టేబుల్ డిఫ్యూజన్ తొలి రూపాలు 512 పిక్సెళ్ల చదరపు బొమ్మల మీద తర్ఫీదు పొందాయి. వాటిని ఒకేసారి అంతకు రెండింతల వెడల్పు అడిగితే, ఒక బొమ్మను సాగదీయడానికి బదులు రెండు బొమ్మలు పక్కపక్కన వేసినట్టు చేస్తాయి. కొత్త మోడళ్లకు ఆ కొలత పెరిగింది గానీ, దాన్ని దాటితే ఇదే జబ్బు వస్తుంది. కాబట్టి మోడల్‌కు అలవాటైన కొలతలోనే పుట్టించి, తర్వాత పెంచుకోవడం మేలు.

పట్టుకోవడానికి బొమ్మను బొటనవేలంత చేసి, అడ్డంగా తిప్పి చూడండి. కంటికి అలవాటు పోయి, మళ్లీ మళ్లీ వచ్చే ఆకారం పైకి తేలుతుంది. దిద్దేటప్పుడు క్లోన్ బ్రష్‌ను చేతిలోకి తీసుకోకండి. అది పక్క ముక్కనే తెచ్చి అతికిస్తుంది కాబట్టి ఉన్న జబ్బును పెంచుతుంది. ఆ చోటును కత్తిరించి, పెద్దది చేసి, అంతవరకే ముసుగు వేసి మళ్లీ పుట్టించండి. మార్పు బలాన్ని 0.3 దగ్గర పెడితే అదే స్కూటర్ కాస్త రంగు మారి వస్తుంది, 0.7 దగ్గర పెడితే వేరే వస్తువు వస్తుంది. నేను ఒక స్కూటర్ స్థానంలో పూలకుండీ తెప్పించాను, ఇంకోచోట ఖాళీ నేల. బాల్కనీ ఊచలకు మాత్రం ఎదురు వైద్యం చేశాను. ఒక మంచి గ్రిల్‌ను ఎంచుకుని, దాన్నే కాపీ చేసి, వాలుకు తగ్గట్టు వంచి మిగతా బాల్కనీలకు పెట్టాను. అవి ఒకేలా ఉండాల్సినవి మరి.

ఇప్పుడు బోర్డులు. ఆ వ్యాపారి అక్షరాలను ఎందుకు చదవలేకపోయాడో చెప్పాలి. ఇందాక చెప్పిన తొలి మోడళ్లు 512 పిక్సెళ్ల బొమ్మను లోపల అడ్డం 64, నిలువు 64 గళ్ల చదరంగా కుదించుకుని పనిచేస్తాయి. అంటే అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది పిక్సెళ్లకు ఒక గడి. దూరపు బోర్డు మీద అక్షరం పదహారు పిక్సెళ్ల ఎత్తుంటే, నిలువునా దానికి దక్కేది రెండు గళ్లు. గుడి, దీర్ఘం, కొమ్ము, వత్తు అన్నీ ఆ రెండింట్లో ఇమడాలి. దానికి తోడు యంత్రానికి రాత ఒక ఆకారమే తప్ప మాట కాదు. ఈమధ్యవి ఇంగ్లిష్ అక్షరాలను చాలావరకు సరిగానే రాస్తున్నాయి. మన లిపుల దగ్గర కొన్ని ఇంకా తడబడుతున్నాయి. దేవనాగరి పైగీత ఈ తప్పును దూరం నుంచి కప్పేస్తుంది, గీత కింద ఏం వేలాడినా హిందీలా కనిపిస్తుంది. తెలుగు గుండ్రటి అక్షరాలూ అంతే. కాబట్టి బోర్డులో ఒకే అక్షరం రెండుసార్లు వచ్చినట్టుంటే ఆ రెండింటినీ పోల్చి చూడండి. పెయింటర్ రాసినా, ప్రింటర్ వేసినా రెండూ ఒకే పోలికలో ఉంటాయి. ఇక్కడ ఉండవు.

అక్షరాలను యంత్రం చేత మళ్లీ మళ్లీ రాయించి వేచి చూడటం దండగ. బోర్డును ఒట్టి రంగు పలకగా మార్చి, పేరును మనమే టైపు చేయాలి. దాన్ని పెర్‌స్పెక్టివ్ టూల్‌తో, ముందు గీసుకున్న ఎర్రగీతల వెంట వంచాలి. తర్వాత వెనక గోడ ఎంత మసకగా ఉందో అక్షరాలనూ అంతే మసకపరచి, అదే గరుకు కలపాలి. ఈ ఆఖరి మెట్టు వదిలేస్తే, దూరపు బోర్డు మీద అక్షరాలు మాత్రం పదునుగా మెరిసి, అతికించినట్టు బయటపడతాయి.

ఇక్కడ మనుషులు చేసే తప్పు ఒకటుంది. ఫొటోషాప్ పాత వెర్షన్లలో వరల్డ్-రెడీ లేఅవుట్ పెట్టుకోకుండా హిందీ, తెలుగు యూనికోడ్ అక్షరాలు టైపు చేస్తే వత్తులూ గుణింతాలూ విడిపోవచ్చు. అప్పుడు మన చేతి బోర్డు కూడా యంత్రం రాసినదానిలాగే ఉంటుంది. కృతిదేవ్, అనూ లాంటి పాత ఫాంట్లలో కొట్టిన పాఠాన్ని యూనికోడ్ ఫాంట్‌కు మార్చినా ఇదే గతి. పెట్టే ముందు ఆ భాష చదవగలిగినవాళ్ల చేత ఒక్కసారి బోర్డును పైకి చదివించండి.

పేర్లు కూడా ఊహించి పెట్టకూడదు. ‘వస్త్ర భండార్’, ‘మెడికల్ స్టోర్’ లాంటి సాధారణ మాటలు చాలు. నంబరు ప్లేట్లకు ఇంకా జాగ్రత్త కావాలి. రాయ్‌పూర్ బండి నంబరు సీజీ 04తో మొదలవుతుందని తెలిసి, పక్కన అక్షరాలూ నాలుగు అంకెలూ వేస్తే, అది నిజంగా ఎవరిదో బండి నంబరు కావచ్చు. ప్లేటును మసకగా వదిలేయడమే సరైన పని.

ఈ పనిలో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పేది వరుస తప్పవద్దని. ముందు గీతలు, తర్వాత కట్టడం, ఆ తర్వాత పునరావృతం, చివర అక్షరం. బోర్డును అందంగా దిద్దాక గోడ వాలు తప్పని తేలితే చేసిన పనంతా వృథా. గీతలు కలవని బొమ్మను ఎంత మెరుగులు దిద్దినా నిలబడదు, దాన్ని పక్కన పెట్టేయండి. వ్యాపారులకు కూడా ఒక మాట: ఫోన్‌లో చూసి సరేననకండి. ఫ్లెక్సీ ఎంత పెద్దదో అంత పెద్దగా ఒక మూల ముక్కను అచ్చు తీయించి, రోడ్డు మీద పెట్టి చూశాకే మిగతాది ప్రింటుకు పంపండి.